పక్క ప్లాటులో సెల్లార్ తవ్వేలోపు పాత ఇంటి పునాదిని విడతలుగా కిందికి దించడం ఎలా

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ పాత బస్తీల్లో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. అందులో ఒక ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ మొదలుపెడితే పక్కింటివాళ్ళకు నిద్ర పట్టదు. "మా పునాది మూడడుగులే, వాళ్ళు ఏడడుగులు తవ్వుతారట, ఏం చేయాలి?" అని నన్ను అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఫోన్‌లో ముక్కలుగా చెప్తే సరిగ్గా అందదు కాబట్టి, నల్గొండలో చేసిన ఒక పనిని ఉదాహరణగా తీసుకొని మొత్తం క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఈ పనిని అండర్‌పిన్నింగ్ అంటారు. మా మేస్త్రీలు 'పునాది కింద పునాది' అంటారు. గోడ కింద మూడడుగుల ముక్క తవ్వి, అక్కడ కాంక్రీట్ పోసి, గోడ బరువు దాని మీదికి వచ్చాకే ఇంకో ముక్క తవ్వుతాం. గోడ ఎప్పుడూ గాలిలో వేలాడకూడదు. కింద రాసిన క్రమం మొత్తం ఆ ఒక్క మాట నిలబెట్టడానికే.

## 1. ఈ పద్ధతి మీ ఇంటికి పనికొస్తుందా?

ఇది గోడల మీద నిలబడ్డ ఇళ్ళకు, అంటే రాతి గోడలు, ఇటుక గోడలు, ఒక అంతస్తు లేదా రెండంతస్తుల ఇళ్ళకు సరిపోయే పద్ధతి. పిల్లర్ల మీద కట్టిన ఇంటికి ఇలా చేయకూడదు. పిల్లర్ కింద మట్టి తీయాలంటే ముందు ఆ పిల్లర్ బరువును వేరే ఆధారం మీదికి మార్చాలి. అది వేరే పని.

లోతుకూ హద్దు ఉంది. పాత పునాది అడుగు నుంచి ఇంకో అయిదారు అడుగుల వరకు చేత్తో తవ్వి ఇలా దించవచ్చు. పక్కవాళ్ళు రెండు సెల్లార్లు వేస్తూ ఇరవై అడుగులు దిగుతుంటే మీరు ఎంత దించినా చాలదు. అప్పుడు తవ్వకానికి ముందే వాళ్ళ హద్దు వెంట పైల్స్ వేయించాలి.

గుంతలోకి నీళ్ళు ఊరుతున్నా, ఇసుక జారుతున్నా ఈ పద్ధతి ఆపేయండి. మన వైపు మొరం నేలలు దీనికి అనుకూలమే. కానీ వానల తర్వాత కింది బండ మీద నీళ్ళు నిలిచి, గట్టి మొరం కూడా మెత్తబడుతుంది. అందుకే జనవరి నుంచి మే లోపు పని ముగించేలా చూసుకోండి.

నల్లరేగడి ఉంటే దాన్ని దాటి మొరం తగిలే దాకా దిగాలి. రేగడిలో ఆపితే వానాకాలం ఉబ్బి, ఎండాకాలం కుంచించుకొని మీ కొత్త కాంక్రీట్‌నే ఆడిస్తుంది.

## 2. ఎంత దూరంలో ఎంత లోతు ప్రమాదం?

పునాదుల గురించిన ఐఎస్ 1904 కోడ్‌లో పక్కపక్క పునాదులు వేర్వేరు లోతుల్లో ఉంటే ఏం చేయాలో ఒక లెక్క ఉంది. రెంటి అంచులను కలుపుతూ గీసిన గీత, అడ్డానికి రెండు, నిలువుకు ఒకటి అనే వాలు కంటే నిటారుగా ఉండకూడదు. మామూలు మాటల్లో, వాళ్ళు మీకంటే ఎన్ని అడుగులు లోతుకు పోతే అంతకు రెండింతలు దూరంలో ఉండాలి.

మన ఉదాహరణ చూడండి. ఇల్లు ఒక రిటైర్డ్ టీచర్‌ది. ఒక అంతస్తు, అడుగున్నర మందం రాతి గోడ, పొడవు 30 అడుగులు. పునాది మూడడుగుల లోతు, రెండున్నర అడుగుల వెడల్పు. గోడ హద్దుకు ఒక అడుగు లోపల ఉంది. పక్కవాళ్ళు హద్దు నుంచి రెండడుగులు వదిలి ఏడడుగులు తవ్వుతారట.

లోతుల తేడా నాలుగు అడుగులు కాబట్టి ఎనిమిది అడుగుల దూరం కావాలి. పునాది అంచు గోడ కంటే అర అడుగు బయటికి ఉంది కాబట్టి, ఇక్కడ ఉన్నది రెండున్నర అడుగులే. అంటే పునాది దించాల్సిందే. వాళ్ళ తవ్వకం కంటే ఇంకో అడుగు కిందికి, ఎనిమిది అడుగుల వరకు పోదామని నిర్ణయించాం.

## 3. మొదటి గుంతలో పలుగు దిగేలోపు చేయాల్సినవి

### పక్కవాళ్ళతో రాతకోతలు

ఇండియన్ ఈజ్‌మెంట్స్ యాక్ట్, 1882 ప్రకారం పక్క నేల మీ నేలకు ఇచ్చే సహజమైన ఊతం మీ హక్కే. కానీ ఆ హక్కు నేల సహజ స్థితికి సంబంధించినది. మీద కట్టిన ఇంటి బరువుకు కూడా ఆ ఊతం హక్కుగా రావాలంటే, 20 ఏళ్ళుగా ఆటంకం లేకుండా ఆ ఊతం అందుతూ ఉండాలని 15వ సెక్షన్ చెప్తుంది. అందుకే ఇల్లు కట్టిన ఏడాది తెలిపే కాగితాలు, పాత పన్ను రసీదులు ముందే తీసి పెట్టుకోండి.

కోర్టు దాకా పోవడం కంటే ఒక ఒప్పందం మేలు. అందులో నాలుగు సంగతులు స్పష్టంగా ఉండాలి. తవ్వకం లోతు, హద్దు నుంచి దూరం ఎంతో రాయాలి. ఖర్చు ఎవరు ఎంత భరిస్తారో రాయాలి. మీ పని అయ్యాక ఎన్ని రోజులు ఆగి వాళ్ళు తవ్వుతారో రాయాలి. హద్దు దగ్గర జేసీబీ కాకుండా మనుషులతో తవ్విస్తామని రాయాలి.

ఇంకోటి అడగండి. గుంతలు వాళ్ళ ఖాళీ ప్లాటు వైపు నుంచి తవ్వుకోనివ్వమని. వాళ్ళు ఎలాగూ అక్కడ తవ్వేదే కదా. మా టీచర్‌గారి ఇంట్లో అలా ఒప్పుకోవడం వల్ల గదుల్లో షాబాద్ బండలు ఒక్కటి కూడా లేపాల్సిన పని పడలేదు.

### దర్యాప్తు గుంతలు

గోడకు ఒక మూల దగ్గర, ఒకటి మధ్యలో రెండు చిన్న గుంతలు పునాది అడుగు కనిపించే దాకా తవ్వి చూడండి. కొలతలు, కింది మట్టి, రాళ్ళ మధ్య ఏముంది అన్నవి రాసుకోండి. పాత కాగితాల్లో 'అయిదడుగుల పునాది' అని ఉన్నా నమ్మొద్దు.

మా దగ్గర రెండో గుంతలో అసలు విషయం బయటపడింది. పైకి సున్నం గచ్చుతో దర్జులు పూసి ఉన్నాయి. లోపల రాళ్ళను పట్టుకొని ఉన్నది ఎర్రమట్టి. మేస్త్రీ రెండు వేళ్ళు దర్జులో పెట్టి గీకితే మట్టి పిండిలా రాలింది. "సార్, కింది వరస రాయి ఊగుతుంది, మట్టి మీదనే ఆగింది" అన్నాడు. మట్టి కట్టుడు పునాదికి ఏం చేయాలో ఆరో భాగంలో చెప్తాను. ఇది తెలియకుండా కింద తవ్వడం మొదలుపెడితే రాయి మనిషి మీద పడుతుంది.

### ఇంజినీర్ లెక్క

పక్కవాళ్ళు తవ్వేశాక మీ కొత్త కాంక్రీట్ పునాదిగానే కాదు, మీ ఇంటి కింది మట్టిని ఆపే గోడగా కూడా పని చేయాలి. ఇది చాలామంది మర్చిపోతారు. గోడ మందమే కదా అని ఒకటిన్నర అడుగుల వెడల్పుతో పోస్తే, ఏడడుగుల మట్టి ఒత్తిడికి అది పక్క గుంతలోకి ఒరగవచ్చు.

మా పనిలో స్ట్రక్చరల్ ఇంజినీర్ లెక్క వేసి మూడడుగుల వెడల్పు ఇచ్చారు. గోడకు ఇటూ అటూ ముప్పావు అడుగు చొప్పున బయటికి వస్తుంది కాబట్టి హద్దు దాటలేదు. మీ ఇంటికి ఎంతో మీ ఇంజినీరే చెప్పాలి. ఆ డ్రాయింగ్ చేతిలో లేకుండా పని మొదలుపెట్టొద్దు.

### ఇంట్లో చేయాల్సినవి

- ఆ గోడ మీద ఆనిన స్లాబ్ లేదా దూలాల కింద, గోడకు మూడు అడుగుల దూరంలో జాకీలు వరసగా నిలబెట్టండి. జాకీ కింద మందపాటి పలక వేయండి.
- ఆ గోడలో కిటికీలు, తలుపులు ఉంటే ఖాళీల్లో బాదులు బిగించండి. పని అయ్యేవరకు తాత్కాలికంగా ఇటుకలతో మూసేస్తే ఇంకా మంచిది.
- గోడ దగ్గరి నల్లా పైపు, మోరీ, సెప్టిక్ ట్యాంకు కారుతున్నాయేమో చూసి ముందే బాగు చేయించండి. ఒక్క రాత్రి కారిన నీళ్ళు గుంత అడుగును బురద చేస్తాయి.
- బరువైన బీరువాలు, వడ్ల బస్తాలు ఆ గోడ వైపు నుంచి తీసేయండి.
- పైకప్పు మీది నీళ్ళ ట్యాంకు ఆ గోడ మీదే ఉంటే ఖాళీ చేసి వేరే చోటికి మార్చండి.

## 4. కదలికను పట్టుకునే ఏర్పాటు

పని మొదలయ్యే వారం ముందు ఇంటి లోపల, బయట ఉన్న ప్రతి పగులు ఫోటో తీయండి. పక్కన స్కేలు పెట్టి, తేదీ కనిపించేలా తీయాలి. పక్కింటివాళ్ళ మనిషిని కూడా పిలిచి తీయిస్తే రేపు గొడవ ఉండదు.

పెద్ద పగుళ్ళకు అడ్డంగా సన్నటి గాజు పట్టీలు అతికించండి. మూడు అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు చాలు. రెండు చివరలు మాత్రమే గోడకు అంటాలి. పగులు కొంచెం తెరుచుకున్నా గాజు చిట్లుతుంది.

తర్వాత గోడ పొడవునా అయిదు మేకులు కొట్టండి. పనికి దూరంగా ఉన్న, కదలని ఒక స్తంభం మీద ఇంకో మేకు కొట్టండి. నీళ్ళ పైపుతో రోజూ ఉదయం, సాయంత్రం ఆ మేకుల ఎత్తు తేడాలు చూసి ఒక రిజిస్టర్‌లో రాయండి. పైపులో గాలి బుడగలు ఉంటే లెక్క తప్పుతుంది కాబట్టి ముందు అవి పోగొట్టండి. గోడకు రెండు చోట్ల తూగుగుండు కూడా వేలాడదీయండి.

ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని మిల్లీమీటర్లు గోడ కూర్చుంటుంది. అసలు కదలదని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. మేము పెట్టుకున్న హద్దు ఇది: ఒక విడతలో ఏ మేకు దగ్గరైనా 3 మిల్లీమీటర్లు దిగినా, ఏ గాజు చిట్లినా పని ఆగాలి, ఇంజినీర్‌కు ఫోన్ పోవాలి.

## 5. గోడను ముక్కలుగా పంచడం, వరస పెట్టడం

గోడ మీద సున్నంతో మూడు అడుగులకొక గీత గీయండి. 30 అడుగుల గోడకు పది ముక్కలు వస్తాయి. ఎడమ నుంచి 1 నుంచి 10 దాకా పెద్దగా అంకెలు వేయండి. కూలీలకు నోటిమాటగా చెప్తే ఏదో ఒక రోజు తప్పు చోట పలుగు పడుతుంది.

రెండు నియమాలు. ఒకటి, ఏ సమయంలోనైనా గోడ పొడవులో నాలుగో వంతు కంటే ఎక్కువ కింద ఖాళీగా ఉండకూడదు. మనకు పదిలో రెండు ముక్కలంటే అయిదో వంతు. రెండు, పక్క ముక్క పూర్తయి బరువు మోసే దాకా దాని పక్కది తవ్వకూడదు.

ఈ రెండూ కుదిరేలా మా వరస ఇది:

- మొదటి విడత: 1, 6
- రెండో విడత: 3, 8
- మూడో విడత: 5, 10
- నాలుగో విడత: 2, 7
- అయిదో విడత: 4, 9

ఏ విడత చూసినా తెరిచిన రెండు గుంతల మధ్య నాలుగు ముక్కలు మూసి ఉంటాయి. తవ్వే ముక్కకు రెండు పక్కలా తవ్వని గట్టి మట్టి ఉంటుంది, లేదా కనీసం వారం వయసున్న కాంక్రీట్ ఉంటుంది. మీ గోడ పొడవు వేరైతే అంకెలు మారతాయి. అప్పుడు కాగితం మీద ఒక్కో విడత గీసి, ఈ రెండు నియమాలు తప్పుతున్నాయేమో చూసుకోండి.

రెండు కిటికీల మధ్య సన్నటి గోడ ఉంటే దాని కింద బరువు ఎక్కువ. ఆ ముక్కను రెండున్నర అడుగులకు తగ్గించండి, ఆ విడతలో ఇంకో గుంత తెరవకండి. రెండు గోడలు కలిసే మూలల దగ్గరా జాగ్రత్తగా ఉండండి.

## 6. ఒక ముక్క మొదలు నుంచి చివరి దాకా

### మొదటి రోజు: పని గుంత

గోడ బయట, పక్క ప్లాటు వైపు, మూడున్నర అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పొడుగుతో ఎనిమిది అడుగుల లోతు గుంత తవ్వండి. ఇది మనుషులు దిగి పని చేయడానికి మాత్రమే. ఈ రోజు గోడ కిందికి పలుగు పోకూడదు.

గుంత దిగుతున్న కొద్దీ మూడు పక్కలా, గోడ కింది మట్టి ముఖానికి కూడా పలకలు వేసి బాదులతో బిగించాలి. అయిదడుగులు దాటిన గుంతలోకి ఊతం లేకుండా మనిషిని దించొద్దు. మొరం గట్టిగా ఉంది, పడదు అంటారు. గట్టి మొరమే పెద్ద పెళ్ళగా విరిగి మీద పడుతుంది. గుంతలో నిచ్చెన ఎప్పుడూ ఉండాలి. తీసిన మట్టి గుంత అంచుకు కనీసం నాలుగు అడుగుల దూరంలో పోయాలి. సాయంత్రం గుంత మీద పట్టా కప్పి, చుట్టూ కట్ట వేయండి.

గట్టి మొరంలో ఇద్దరు మనుషులకు ఒక గుంత రోజు పడుతుంది. జేసీబీతో గంటలో అయిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ దాని బకెట్ ఒక్కసారి పాత రాతికి తగిలితే మట్టి దర్జులు మొత్తం వదులవుతాయి.

### మట్టి కట్టుడు పునాది అయితే

పునాది రాళ్ళు బయటపడగానే దర్జుల్లో రెండు అంగుళాల లోతు వరకు మట్టి గీకి తీయండి. నీళ్ళు కొట్టొద్దు, లోపలి మట్టి కరిగిపోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, 1:3 సిమెంట్ ఇసుక మాలు కూరి, పెద్ద సందుల్లో రాతి ముక్కలు బిగించండి. ఇది ఆరడానికి రెండు మూడు రోజులు ఇవ్వాలి. అందుకే మేము పని మొదలుకు ముందే గోడ పొడవునా పునాది అడుగు దాకా సన్నని కాలువ, ఒక్కోసారి ఒక్కో మూడు అడుగుల ముక్క తెరుస్తూ, ఈ దర్జుల పని ముగించి మూసేశాం.

కింద తవ్వేటప్పుడు అడుగు వరస రాళ్ళు జారకుండా ఇంకో ఏర్పాటు కావాలి. రెండు అంగుళాల మందం, తొమ్మిది అంగుళాల వెడల్పు, రెండున్నర అడుగుల పొడవు ఉన్న ఇనుప ఊచల కాంక్రీట్ పలకలు ముందే పోసి పెట్టుకోండి. గోడ కింద తొమ్మిది అంగుళాలు తవ్వగానే ఒక పలకను మాలు పరిచి రాళ్ళ అడుగుకు ఒత్తి, దాని కింద రెండు చిన్న కాంక్రీట్ పోస్టులు నిలబెట్టండి. తర్వాత ఇంకో తొమ్మిది అంగుళాలు, ఇంకో పలక. ఆ పోస్టులు కాంక్రీట్‌లోనే ఉండిపోతాయి, తీయాల్సిన పని లేదు.

### రెండో రోజు ఉదయం: గోడ కింద తవ్వకం

ముఖం మీది పలకలు పై నుంచి ఒక్కొక్కటే తీస్తూ గోడ కింద మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోపలికి, ఎనిమిది అడుగుల లోతు దాకా తవ్వండి. పక్కలు నిటారుగా ఉండాలి.

అడుగున చేత్తో గీకి చూడండి. గడ్డపార కొడితే ఖణీమని రావాలి, దిగకూడదు. మెత్తగా ఉంటే ఇంకా దిగాలి. ఎక్కువ తవ్వామని మట్టి పోసి చదును చేయొద్దు, ఆ లోతంతా కాంక్రీట్‌తోనే నింపండి.

మన నేలలో గుండ్లు తగులుతాయి. గుంత అడుగులో సగం బండ, సగం మొరం ఉంటే ఇంజినీర్‌ను పిలవండి. గుండును శానం, సమ్మెటతో చీల్చి తీయండి. గోడ కింద కంప్రెసర్ బ్రేకర్ పెట్టొద్దు.

ఇరుపక్కల మట్టిలోకి 12 ఎంఎం ఊచలు, రెండడుగుల పొడవువి, సగం దిగేలా కొట్టండి. నిలువునా అడుగుకొకటి చొప్పున నాలుగు చాలు. మిగతా సగం ఈ రోజు కాంక్రీట్‌లో ఉంటుంది. రేపు పక్క ముక్క తవ్వినప్పుడు మట్టిలోని సగం బయటపడి అందులో కలుస్తుంది.

### అదే రోజు సాయంత్రం లోపు: కాంక్రీట్

తవ్విన రోజే పోయాలి. గోడ కింద ఖాళీని రాత్రంతా వదిలేయడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు. మధ్యాహ్నం రెండు దాటినా తవ్వకం పూర్తికాకపోతే ఆ రోజు రెండో గుంత ముట్టుకోకండి, ఉన్న మనుషులందరినీ ఒకదాని మీదే పెట్టండి.

ముందు వైపు సెంట్రింగ్ పలక బిగించి 1:1½:3 కాంక్రీట్ పోయండి. ఒక ముక్కకు సుమారు 45 ఘనపుటడుగులు, పది సిమెంట్ బస్తాల దాకా పడుతుంది. అడుగు చొప్పున పొరలుగా పోసి నీడిల్ వైబ్రేటర్ పెట్టండి. కాంక్రీట్ పై మట్టం పాత పునాది అడుగుకు, పలకలు పెట్టి ఉంటే వాటి అడుగుకు, రెండున్నర అంగుళాలు కింద ఆగాలి. ఆ సందు కావాలనే వదులుతున్నాం.

చాలామంది ఇక్కడే ఒప్పుకోరు. పైదాకా పోసి మూసేస్తే ఒక పని తగ్గుతుంది కదా అంటారు. కాంక్రీట్ ఆరేటప్పుడు కిందికి కూర్చొని కుంచించుకుంటుంది. పైకి నిండుగా కనిపించినా రాతి కింద వెంట్రుకంత సందు మిగులుతుంది. గోడ ఆ సందులోకి దిగితే ఇంట్లో పగుళ్ళు వస్తాయి.

### నాలుగో రోజు: పొడి మాలు కూరడం

కాంక్రీట్ పోసిన 48 గంటల తర్వాత ఆ సందును పొడి మాలుతో కూరాలి. గోడ బరువు కొత్త పునాది మీదికి వచ్చేది ఈ రెండున్నర అంగుళాల గుండానే. కాబట్టి ఈ రోజు మీరు పక్కన నిలబడాలి.

ఒక పాలు సిమెంట్, మూడు పాళ్ళు ఇసుక. నీళ్ళు తేమకు మాత్రమే. పిడికిట గట్టిగా పిసికి చెయ్యి తెరిస్తే ముద్ద విడిపోకుండా నిలవాలి, అరచేతికి తడి అంటకూడదు. ముద్దను వేలితో నొక్కితే పెళ్ళలుగా విరగాలి. మెత్తగా సాగితే నీళ్ళు ఎక్కువైనట్టు. అది ఆరాక కుంచించుకుంటుంది కాబట్టి ఆ మాలు పక్కన పోసేయండి.

ముందు రాతి అడుగు, కాంక్రీట్ పైభాగం బ్రష్‌తో శుభ్రం చేసి కొద్దిగా తడపండి. మూడడుగుల పొడవు చెక్క దిమ్మెతో లోపలి చివర నుంచి మొదలుపెట్టి, గుప్పెడు గుప్పెడు పెట్టి, సుత్తితో దిమ్మె మీద కొట్టుకుంటూ ముందుకు రావాలి. మొదట్లో సుత్తి దెబ్బ మెత్తగా వినిపిస్తుంది. బాగా బిగిశాక దిమ్మె వెనక్కి తన్ని, రాయి మీద కొట్టినట్టు మోగుతుంది. ఆ మోత వచ్చాకే ఇంకో గుప్పెడు.

ఒక ముక్కకు ఇద్దరికి రెండు మూడు గంటలు పడుతుంది. అరగంటలో అయిపోయిందని చెప్తే, ముందు అంచు మాత్రమే మూసి లోపల ఖాళీ వదిలారని అర్థం. సన్నటి ఊచ గుచ్చి చూడండి.

ఆ సాయంత్రం నుంచి తడి గోనెలు కప్పండి. అయిదో రోజు పని గుంతను అరడుగు పొరలుగా మట్టి వేసి దిమ్మిస కొట్టి మూసేయండి. అదే రోజు తర్వాతి విడత పని గుంతలు మొదలుపెట్టవచ్చు. వాటి కింద తవ్వకం ఆరో రోజు, అంటే కూరిన మాలుకు 48 గంటలు నిండాకే.

ఇలా ఒక విడతకు నాలుగు రోజులు, అయిదు విడతలకు ఇరవై. సెలవులు, అనుకోని గుండ్లు కలిపి నెల పెట్టుకోండి.

## 7. పక్క ముక్కను కలిపేటప్పుడు

నాలుగు, అయిదు విడతల్లో తవ్వితే ఇరుపక్కలా పాత కాంక్రీట్ కనిపిస్తుంది. దానికి అంటిన మట్టిని వైర్ బ్రష్‌తో పూర్తిగా తీసి, ముఖాన్ని శానంతో గరుకు చేసి, సిమెంట్ పాలు పూసి పోయాలి. మట్టి పొర మిగిలితే పది ముక్కలూ పది విడి దిమ్మెలుగా ఉండిపోతాయి. పక్క మట్టి ఒత్తిడికి ఒక్కొక్కటిగా కదులుతాయి.

## 8. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిదిద్దాలి

మహబూబ్‌నగర్‌లో నా మొదటి రోజుల్లో ఒక పనిలో నేనే తొందరపడ్డాను. వాన వచ్చేలా ఉందని, పొడి మాలు కూరిన మర్నాటి ఉదయమే దాని పక్క ముక్క కింద తవ్వించాను. మధ్యాహ్నానికి కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు పైకి పాకింది. వేలి గోరు దూరేంత. ఆ ఇంటామె తలుపు దగ్గర నిలబడి ఏమీ అనలేదు, పగులునే చూస్తూ ఉండిపోయింది. అది నాకు ఇప్పటికీ గుర్తే. గుంతను వెంటనే కాంక్రీట్‌తో నింపి, పది రోజులు ఆపి, ఆ ముక్కను మళ్ళీ కూరాం. పగులు ఆగింది గానీ, తొందరపడకపోతే అది అసలు వచ్చేదే కాదు.

కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలు పగులు: కింద ఏదో ముక్క దిగుతోంది. కొత్త గుంతలు ఆపండి. తెరిచిన గుంత ఉంటే అదే రోజు నింపండి. చివరగా కూరిన ముక్కలో ఊచ గుచ్చి ఖాళీ ఉందేమో చూడండి. ఉంటే తీసి మళ్ళీ కూరాలి.

గుంతలోకి అకస్మాత్తుగా నీళ్ళు: ముందు పైపు, మోరీ చూడండి. మెత్తబడిన అడుగు మట్టిని గీకి తీసి, గట్టి నేల తగిలాకే పోయండి. నీళ్ళతో పాటు మట్టి కూడా వస్తుంటే పంపు పెట్టొద్దు. గోడ కింది మట్టిని కూడా పంపు లాగేస్తుంది.

పక్క మట్టి జారడం: వెంటనే ఇసుక బస్తాలు పేర్చి బాదులు బిగించండి. అందుకే పని జరిగినన్నాళ్ళు సైట్‌లో ఇరవై ఇసుక బస్తాలు, అయిదు సిమెంట్ బస్తాలు, నాలుగు జాకీలు విడిగా, ఎవరూ వాడకుండా ఉండాలి.

గోడ బయటికి ఒరగడం: తూగుగుండులో తేడా కనిపిస్తే పని ఆపి, గోడకు ఏటవాలు బాదులతో ఊతం ఇచ్చి, ఇంజినీర్ వచ్చే దాకా ఏ గుంతనూ ముట్టుకోవద్దు.

ప్రతి విడతకు ముందు ఇవి చూసుకోండి:

- నిన్నటి మేకుల లెక్క రిజిస్టర్‌లో ఉందా? గాజులన్నీ బాగున్నాయా?
- పక్క ముక్క కూరి 48 గంటలు నిండాయా?
- ఈ రోజు తవ్వే అంకెలు వరసలో ఉన్నవేనా?
- సిమెంట్, కంకర, ఇసుక, మిక్సర్, వైబ్రేటర్ గుంత దగ్గర ఉన్నాయా? కరెంట్ పోతే జనరేటర్ ఉందా?
- సాయంత్రం దాకా వాన సూచన లేదు కదా?

## 9. పక్కవాళ్ళ తవ్వకం మొదలయ్యాక

చివరి ముక్క కూరిన తర్వాత కనీసం 14 రోజులు ఆగమని చెప్పండి. తర్వాత కూడా వాళ్ళు మీ గోడ పొడవునా ఒకేసారి తెరవకూడదు.

సరైన క్రమం ఇది: మొదట ప్లాటు మధ్యలో తవ్వి, హద్దు వెంట వాలుగా మట్టి కట్ట వదలాలి. మధ్యలో వాళ్ళ పునాదులు లేచాక, ఆ కట్టను పది అడుగుల ముక్కలుగా మనుషులతో తీసి, ఆ ముక్కలో వాళ్ళ రిటైనింగ్ గోడ వెంటనే లేపాలి. మధ్యలో ఏదైనా ఆలస్యమైతే మీ కొత్త కాంక్రీట్‌కు వాళ్ళ పునాదుల నుంచి బాదులు తన్ని పెట్టాలి. బండ తగిలితే పేలుళ్ళు వద్దని ఒప్పందంలోనే రాయించుకోండి.

వాళ్ళ గోడకు, మీ కాంక్రీట్‌కు మధ్య సందు మిగులుతుంది. అందులో కట్టడం చెత్త పోసి మూసేస్తారు. వానాకాలం నీళ్ళన్నీ అక్కడ చేరి మీ పునాది అడుగుకు పోతాయి. మొరం పొరలుగా వేసి దిమ్మిస కొట్టించి, పైన నీళ్ళు లోపలికి దిగకుండా కాంక్రీట్ పట్టీ పోయించండి.

ఈ రోజుల్లో కూడా మేకుల లెక్క ఆపొద్దు. తవ్వకం సాగినన్నాళ్ళు రోజూ, వాళ్ళ సెల్లార్ స్లాబ్ పడ్డాక వారానికొకసారి, ఒక వానాకాలం గడిచే దాకా నెలకొకసారి రాయండి. టీచర్‌గారి ఇంట్లో ఆ రిజిస్టర్ ఆయనే రాశారు, ఒక్క పూట కూడా తప్పలేదు. పునాది దించడం పూర్తయ్యేసరికి మధ్య మేకు 3 మిల్లీమీటర్లు దిగింది. పక్క సెల్లార్ స్లాబ్ పడేనాటికి ఇంకో మిల్లీమీటరు. దసరా దాటాక చూస్తే అక్కడే ఉంది, అప్పుడు గాజు పట్టీలు తీసేశాం.